వినతి లేఖ : చికిత్సకు వేళలు, విధులలో మార్పు

ఉద్దేశం

ఉద్యోగంలో చేరిన యువతీయువకులు పై అధికారికి వ్రాయవలసివచ్చే లేఖలలో సెలవు కోరే లేఖ ముఖ్యమైనది. జ్వరం వచ్చినప్పుడు రెండు రోజుల సెలవు కోరడం తేలిక. నెలల తరబడి సాగే చికిత్సకోసం పనివేళలను, విధులను సర్దుబాటు చేయమని కోరడం అంత తేలిక కాదు. సోరియాసిస్ అనే చర్మవ్యాధికి కాంతి చికిత్స పొందుతున్న ఒక యువ ఉద్యోగిని తన మేనేజరుకు వ్రాసిన నమూనా లేఖ ద్వారా అట్టి వినతిని ఎట్లా కూర్చాలో తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

నేపథ్యం

2016 అక్టోబర్ 11వ తేదీన తెలంగాణలో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు పూర్వపు వరంగల్ జిల్లానుండి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు రూపుదిద్దుకొన్నాయి. ఈ లేఖలోని ఉద్యోగిని పనిచేసే కార్యాలయం జనగామలో ఉంది. అది పంపుసెట్ల విడిభాగాలు విక్రయించే సంస్థ. దానికి మహబూబాబాద్‌లో ఒకటి, భూపాలపల్లిలో ఒకటి గిడ్డంగులు ఉన్నాయి. నెలకొకసారి ఆ గిడ్డంగులకు వెళ్ళి సరుకు లెక్క సరిచూడడం ఆమె విధులలో ఒకటి. మిగిలిన రోజులలో జనగామ కార్యాలయంలో లెక్కలు వ్రాస్తుంది.

ఇక వ్యాధి సంగతి. మన చర్మం పై పొరలోని కణాలు అడుగున పుట్టి, పైకి చేరి, రాలిపోవడానికి సాధారణంగా నెలరోజులు పడుతుంది. సోరియాసిస్‌లో శరీరపు రక్షణవ్యవస్థ అదుపు తప్పి చర్మకణాలను తొందరపెడుతుంది. నెలరోజుల పని నాలుగైదు రోజులలోనే జరుగుతుంది. రాలవలసిన కణాలు రాలకముందే కొత్తవి వచ్చి పేరుకొంటాయి. అందువల్ల మోచేతులపై, మోకాళ్ళపై, తలలో, ఒక్కొక్కప్పుడు అరచేతులలో ఎర్రని మందపాటి మచ్చలు, వాటిపై వెండివంటి పొలుసులు ఏర్పడతాయి. గజ్జికి సూక్ష్మకీటకం, తామరకు శిలీంధ్రం కారణం కనుక అవి ఒకరినుండి మరొకరికి అంటుకొంటాయి. సోరియాసిస్‌కు అట్టి క్రిమి ఏదీ లేదు కనుక అది అంటువ్యాధి కాదు. చూపుకు ఒకటిగా కనిపించడంవల్ల తోటివారు పొరబడతారు. 2014లో ప్రపంచ ఆరోగ్య సభ సోరియాసిస్‌పై చేసిన తీర్మానం, రోగులపట్ల చూపే వివక్షను కూడా ప్రస్తావించింది.

ఈ వ్యాధిని అదుపులో ఉంచవచ్చు గాని శాశ్వతంగా నిర్మూలించే చికిత్స ఇంతవరకు లేదు. పూతమందులతో అదుపు కాకపోతే వైద్యులు సూచించే మార్గాలలో అతినీలలోహిత కాంతి చికిత్స ఒకటి. సుమారు 311 నానోమీటర్ల తరంగదైర్ఘ్యంగల కాంతిని యంత్రం ద్వారా చర్మంపై ప్రసరింపజేస్తారు. ఒక్కొక్క దఫా కొన్ని సెకన్లనుండి కొన్ని నిమిషాలకు మించదు. దానిని వారానికి రెండు మూడు మార్లు, రోజు విడిచి రోజు, రెండు మూడు నెలలపాటు పొందవలసి ఉంటుంది. చికిత్స నిమిషాలది, ప్రయాణం గంటలది. ఈ లేఖకు మూలం ఇదే.

పాఠ్యభాగం

జనగామ,
6-1-2025.

గౌరవనీయులైన శాఖా మేనేజరు గారికి,

లెక్కల విభాగంలో సహాయకురాలు నమస్కరించి వ్రాయునది.

విషయము : చికిత్స నిమిత్తము 20-1-2025 నుండి 11-4-2025 వరకు పనివేళలలో, గిడ్డంగి విధులలో మార్పు, మూడు రోజుల సెలవు కోరుట గురించి.

ఆర్యా,

నేను రెండు సంవత్సరములుగా తమ శాఖలో పనిచేయుచున్నాను. నాకు సోరియాసిస్ అను చర్మవ్యాధి ఉన్నట్లు వైద్యులు నిర్ధారించినారు. ఇది అంటువ్యాధి కాదు. నాతో కలసి పనిచేయువారికిగాని, నేను తాకిన కాగితములు, వస్తువులు వాడువారికిగాని దీనివలన ఏ హానియు లేదు. ఆరు మాసములు వాడిన పూతమందులు చాలనందున, వరంగల్‌లోని చర్మవ్యాధుల వైద్యులు పన్నెండు వారములపాటు కాంతి చికిత్స సూచించినారు. వారి ధ్రువపత్రము జతపరచినాను.

ఈ చికిత్స ప్రతి సోమ, బుధ, శుక్రవారములలో ఉదయము 9 గంటలకు జరుగును. జనగామనుండి వరంగల్ సుమారు 60 కిలోమీటర్లు గనుక, బస్సులో తిరిగివచ్చుసరికి మధ్యాహ్నము 12 గంటలు అగును. మధ్యలో దఫాలు తప్పినచో కాంతి మోతాదును పెంచుటకు బదులు తగ్గించవలసివచ్చుననియు, మూడు వారములకు మించి విరామము వచ్చినచో మొదటినుండి ఆరంభింపవలసివచ్చుననియు వైద్యులు తెలిపినారు. కావున తమకు ఈ క్రింది మూడు వినతులు చేయుచున్నాను.

మొదటిది, పనివేళలు. చికిత్స జరుగు రోజులలో ఉదయము 10 గంటలకు బదులు 12 గంటలకు విధులకు హాజరగుటకు అనుమతి కోరుచున్నాను. ఆ రోజు సాయంకాలము 6 గంటలకు బదులు 7 గంటలవరకు పనిచేసి, మరునాడు ఉదయము 9 గంటలకే వచ్చెదను. ఈ విధముగా ఆలస్యమైన రెండు గంటలును పూర్తిగా పూరింపబడును. వైద్యశాలకు సెలవు వచ్చిన వారములో చికిత్స మరునాటికి మారవచ్చును. అట్టి మార్పును ముందురోజే తమకు తెలియజేసెదను.

రెండవది, గిడ్డంగి విధులు. ప్రతి నెల రెండవ మంగళవారము మహబూబాబాద్‌లోను, నాల్గవ గురువారము భూపాలపల్లిలోను నేను సరుకు సరిచూచుచున్నాను. ఇనుప విడిభాగములను, అట్టపెట్టెలను తీసి సర్దునప్పుడు చేతులు గీచుకొనును. గాయమైన చోటనే కొత్త మచ్చలు పుట్టుట ఈ వ్యాధి లక్షణము. నవంబరు, డిసెంబరు మాసములలో నా అరచేతులపై ఇట్లే జరిగినది. అంతేగాక, చికిత్స పొందిన చర్మముపై మరునాటివరకు ఎండ తగులరాదని వైద్యోపదేశము. కనుక ఈ మూడు మాసములు ఆ పని మరొకరికి అప్పగింప ప్రార్థన. నా సహోద్యోగి ఒకరు ఇందులకు అంగీకరించినారు. అందులకు బదులుగా వారు చేయు నెలాఖరు బిల్లుల నమోదును నేను చేసెదను. రెండు గిడ్డంగుల లెక్కలను పుస్తకములతో పోల్చిచూచు పని యథాప్రకారము నేనే కార్యాలయములో చేసెదను.

మూడవది, సెలవు. జనవరి 20, మార్చి 3, ఏప్రిల్ 11 తేదీలలో వైద్య పరీక్ష ఎక్కువసేపు జరుగును గనుక ఆ మూడు రోజులు నా ఆకస్మిక సెలవులనుండి మంజూరు చేయ ప్రార్థన. ఆ రోజులు మినహా మిగిలిన 33 దఫాలకు నేను సెలవు కోరుట లేదు.

పై ఏర్పాటు కార్యాలయ అవసరములకు సరిపడనిచో, వైద్యుల సమ్మతితో వారమునకు రెండు దఫాలు మాత్రమే పొందు ప్రత్యామ్నాయము కలదు. అయితే 36 దఫాలకు 12 వారములకు బదులు 18 వారములు పట్టును. మార్చి 3వ తేదీ పరీక్ష తరువాత చికిత్స ప్రభావమును, నా పని పరిస్థితిని తమకు తెలియజేసి, ఏర్పాటును కొనసాగింపవలెనో మార్పవలెనో తమ నిర్ణయము కోరెదను.

నా వ్యాధి వివరములు, జతపరచిన పత్రము అవసరమైన అధికారులకు మాత్రమే తెలియునట్లు చూడగోరుచున్నాను. తమ నిర్ణయమును లిఖితపూర్వకముగా తెలియజేసినచో అందుకు అనుగుణముగా నడచుకొందును.

ఇట్లు,
తమ విధేయురాలు,
(సంతకము)
లెక్కల విభాగ సహాయకురాలు.

జతపరచినది : వైద్య ధ్రువపత్రము – 1.

లేఖా విశ్లేషణ

చాలామంది విద్యార్థులు ఇట్టి సందర్భంలో వ్రాసే లేఖ ఇట్లా ఉంటుంది : “నాకు చర్మవ్యాధి సోకినది. చాలా బాధగా ఉన్నది. కావున కొన్ని రోజులు సెలవు, తేలిక పని ఇప్పించవలసినదిగా ప్రార్థన.” ఈ మూడు వాక్యాలలోను దోషాలు ఉన్నాయి. ‘సోకినది’ అన్న మాట వ్యాధి అంటుకొనేదన్న భావాన్ని కలిగిస్తుంది. సోరియాసిస్ సోకదు, వస్తుంది. ‘కొన్ని రోజులు’ అంటే ఎన్ని? ‘తేలిక పని’ అంటే ఏది? చదివిన అధికారి సానుభూతి చూపవచ్చు గాని నిర్ణయం తీసుకోలేడు. ఎవరిని ఎక్కడికి పంపాలో, ఏ రోజు ఎవరు ఉంటారో అతనికి తెలియదు. వినతి లేఖ చదివిన అధికారి మరొక ప్రశ్న అడగనవసరం లేకుండా “సరే” అనగలిగితే ఆ లేఖ సఫలమైనట్లు.

పాఠంలోని ఉద్యోగిని తన బాధను వర్ణించలేదు. బాధకూ పనికీ ఎక్కడ సంబంధం ఉందో అక్కడే మాట్లాడింది. గిడ్డంగిలో చేతులు గీచుకోవడం ఆరోగ్యవంతునికి చిన్న విషయం. సోరియాసిస్ ఉన్నవారిలో కొందరికి గీరుడుపడిన చోట, సాధారణంగా ఒకటి రెండు వారాలలో, అదే వ్యాధి మచ్చగా పుడుతుంది. 19వ శతాబ్దంలో దీనిని వివరించిన జర్మన్ వైద్యుడు కోబ్నర్ పేరుమీద వైద్యులు దీనిని కోబ్నర్ లక్షణం అంటారు. ఈ కారణం తెలియని మేనేజరుకు గిడ్డంగి పని మానడం సోమరితనంగా తోచవచ్చు. ఒక్క వాక్యంలో కారణం, మరొక వాక్యంలో తన అనుభవంలోని సాక్ష్యం చెప్పడంవల్ల ఆ అనుమానానికి తావు లేకపోయింది.

ఎండ సంగతి కూడా అట్టిదే. కాంతి చికిత్సకు చర్మం స్పందించి ఎర్రబారడం వెంటనే జరగదు. కొన్ని గంటల తరువాత మొదలై ఒక రోజులోపల తీవ్రమవుతుంది. సోమవారం చికిత్స పొంది మంగళవారం ఎండలో మహబూబాబాద్ వెళ్ళివస్తే ఆ ఎరుపు యంత్రంవల్ల వచ్చిందో, ఎండవల్ల వచ్చిందో వైద్యునికి తెలియదు. ఎరుపు తగ్గకుంటే బుధవారపు దఫాను వాయిదా వేయవలసివస్తుంది. చికిత్స లేని రోజున ప్రయాణం చేస్తే ఏమి అన్న ప్రశ్నకు ఇది సమాధానం.

కాలగణనను పరిశీలించండి. వారానికి మూడు దఫాల చొప్పున 12 వారాలకు 36 దఫాలు. వాటిలో మూడు రోజులు పూర్తి సెలవు. మిగిలిన 33 రోజులలో రోజుకు రెండు గంటల చొప్పున 66 గంటలు ఆలస్యం. అదే సాయంకాలం ఒక గంట, మరునాటి ఉదయం ఒక గంట చొప్పున ఆ 66 గంటలూ తిరిగి చెల్లిపోతాయి. కార్యాలయం నష్టపోయేది ఏమీ లేదని లేఖ ఎక్కడా గొప్పగా చెప్పలేదు. లెక్క చూసినవారికి అది తెలుస్తుంది. ఆమె ఒకేసారి నెలరోజుల సెలవు కోరి ఉంటే జీతమూ పోయేది, చికిత్సా సగంలో ఆగేది.

లేఖలో చెప్పనివి కూడా గమనించదగినవి. సోరియాసిస్ ఉన్నవారిలో కొందరికి కీళ్ళవాపు వస్తుంది. ఉదయం నిద్ర లేవగానే వ్రేళ్ళు బిగుసుకొనిపోయి చాలాసేపు కదలవు. ఆమెకు అది లేదు కనుక వ్రాయలేదు. రేపు నిజంగా వచ్చినప్పుడు ఆమె మాటకు విలువ ఉండాలంటే ఈనాడు లేనిది వ్రాయకూడదు. ‘చికిత్స తరువాత వ్యాధి పూర్తిగా నయమగును’ అని కూడా ఆమె వాగ్దానం చేయలేదు. మచ్చలు తగ్గి, కొన్ని నెలల తరువాత తిరిగి రావచ్చు. అప్పుడు మళ్ళీ వినతి చేయవలసివస్తుంది.

ఈ వినతి హక్కుగా కాక ప్రార్థనగా ఎందుకు ఉన్నది? 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను పేర్కొంది. సోరియాసిస్ ఆ పట్టికలో లేదు. అందుచేత ఆ చట్టాన్ని చూపి ‘ఇవ్వవలసిందే’ అని వ్రాయడం సరికాదు. ఆమెకు ఆధారాలు సంస్థ సెలవు నిబంధనలు, వైద్య ధ్రువపత్రం, పనిలో తాను ఇవ్వజూపిన మార్పిడి. ధ్రువపత్రంలో వ్యాధి పేరు, చికిత్స రోజులు, కాలవ్యవధి, వర్జించవలసిన పనులు ఉంటే చాలు. మచ్చల ఛాయాచిత్రాలు జతపరచనవసరం లేదు.

మందు మారితే వినతి కూడా మారుతుంది. కాంతి చికిత్సకు బదులు వైద్యులు మెథోట్రెక్సేట్ మాత్రలు ఇచ్చారనుకొందాం. దానిని సోరియాసిస్‌కు వారానికి ఒక్కరోజు మాత్రమే తీసుకోవాలి. పొరబాటున రోజూ తీసుకొంటే ప్రాణాపాయం. తీసుకొన్న మరునాడు కొందరికి వికారం, నీరసం కలుగుతాయి. అట్టివారు వైద్యుని సలహాతో శనివారం రాత్రిని ఎంచుకొంటే ఆదివారం విశ్రాంతి లభిస్తుంది. అప్పుడు వారానికి మూడు రోజుల ఆలస్యం అక్కరలేదు. రక్తకణాలను, కాలేయాన్ని పరీక్షించే రోజులకు మాత్రం అనుమతి కోరితే సరిపోతుంది. కనుక ఒకరి లేఖను చూసి మరొకరు నకలు చేయరాదు. చికిత్సాక్రమం ముందు తెలుసుకొని, దానినిబట్టి లేఖ కూర్చుకోవాలి.

కఠినపదాలకు అర్థాలు

వినతి = మనవి, ప్రార్థన
దఫా = తడవ, పర్యాయం
గిడ్డంగి = సరుకు నిలువచేసే స్థలం
ధ్రువపత్రం = నిజమని తెలిపే పత్రం
మోతాదు = మందు మొదలైనవాటి పరిమాణం
ప్రత్యామ్నాయం = బదులుగా ఉండే మార్గం
ఆకస్మిక సెలవు = అనుకోని అవసరాలకు ఇచ్చే సెలవు
లిఖితపూర్వకంగా = వ్రాతమూలకంగా
వర్జించు = విడిచిపెట్టు

వ్యాకరణాంశాలు

సంధులు
కార్యాలయం = కార్య + ఆలయం – సవర్ణదీర్ఘ సంధి
వైద్యోపదేశం = వైద్య + ఉపదేశం – గుణ సంధి
ప్రత్యామ్నాయం = ప్రతి + ఆమ్నాయం – యణాదేశ సంధి

సమాసాలు
చర్మవ్యాధి = చర్మము యొక్క వ్యాధి – షష్ఠీ తత్పురుష సమాసం
మూడు వారాలు = మూడు సంఖ్యగల వారాలు – ద్విగు సమాసం
యువతీయువకులు = యువతులును, యువకులును – ద్వంద్వ సమాసం

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. ఉద్యోగిని చేసిన మూడు వినతులను, వాటికి చూపిన కారణాలను వివరించండి.
2. గిడ్డంగి విధులనుండి మినహాయింపు కోరడం సమంజసమేనా? వ్యాధి లక్షణాల ఆధారంగా చర్చించండి.

II. సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. ‘వ్యాధి సోకినది’ అనే ప్రయోగం ఈ సందర్భంలో ఎందుకు తగదు?
2. చికిత్స మధ్యలో ఆగితే కలిగే నష్టమేమి?
3. ఆలస్యమైన గంటలను పూరించడానికి ఉద్యోగిని సూచించిన పద్ధతిని లెక్కతో చూపండి.

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. కాంతి చికిత్స ఏయే వారాలలో జరుగుతుంది?
2. కోబ్నర్ లక్షణం అంటే ఏమిటి?
3. సోరియాసిస్‌కు మెథోట్రెక్సేట్ మాత్రలను వారానికి ఎన్ని రోజులు తీసుకోవాలి?

IV. లేఖా రచన
1. పై లేఖను అందుకొన్న మేనేజరు, వారానికి రెండు దఫాలకు మాత్రమే అంగీకరించి, ఆరు వారాల తరువాత పునఃపరిశీలిస్తానని తెలుపుతూ వ్రాసే ప్రత్యుత్తరాన్ని కూర్చండి.
2. భూపాలపల్లిలో పనిచేసే ఒక యువకుడు వారానికొకసారి మాత్రలు తీసుకొంటూ, రక్తపరీక్షల రోజులకు అనుమతి కోరుతున్నాడు. అతని వినతి లేఖను వ్రాయండి.